ఖాళీ కొట్టాన్ని చెవికి ఎలా చూపించాలి: కథను ఆడియో నాటకంగా మార్చేటప్పుడు మాటలు రాసే పద్ధతి

కథలో ఎవరూ ఏమీ మాట్లాడకుండా ఒకరినొకరు చూసుకుని అంతా అర్థం చేసుకునే చోట్లు ఉంటాయి. చదివేటప్పుడు అవే బాగుంటాయి. ఆడియో నాటకంగా మార్చేటప్పుడు చేయి ఆగిపోయేదీ అక్కడే. మాటలున్న చోటు ఎలాగో నడుస్తుంది. చూపులున్న చోటు ఏం చేయాలన్నదే అసలు పని. అందుకని అలాంటి ఒక్క ముక్కను తీసుకుని మొదటి నుంచి చివరిదాకా మార్చి చూద్దాం. చిత్తూరు దగ్గర పల్లె, పాడి ఆవు ఉన్న ఇల్లు. కథలో ఆ భాగం ఇలా ఉందనుకోండి:

"తెల్లవారుజామున శేఖర్ బస్సు దిగి ఇంటికొచ్చాడు. వాకిట్లో ముగ్గు ఇంకా తడిగా ఉంది. కొట్టం వైపు చూశాడు. గుంజ ఒంటరిగా ఉంది. పలుపు చుట్ట చుట్టి చూరులో దోపి ఉంది. అమ్మ వంక చూశాడు. ఆమె తల తిప్పుకుంది. చెల్లెలి కొత్త కాలేజీ బ్యాగు గోడకు వేలాడుతోంది. అతనికి అంతా అర్థమైంది."

ఇది మీ సొంత కథ కాకపోతే ముందు రచయిత అనుమతి తీసుకోండి. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళ దాకా హక్కులు వారసులకు ఉంటాయి. నాటకంగా మార్చే హక్కు కూడా అందులో భాగమే.

1. కంటితో తెలిసేవన్నీ గీతలు గీయండి

పెన్సిల్ తీసుకుని, కన్ను లేకపోతే తెలియని ప్రతి విషయం కిందా గీత గీయండి. ఇక్కడ ఏడు వస్తాయి: తెల్లవారుజాము, తడి ముగ్గు, ఖాళీ గుంజ, చూరులో పలుపు, అమ్మ తల తిప్పుకోవడం, కొత్త బ్యాగు, చివర్లో అతనికి అర్థం కావడం.

ఒక్కోదాన్నీ పట్టుకుని ఒకే ప్రశ్న అడగండి: ఇది వినేవాళ్ళకు తెలియకపోతే కథ ఆగిపోతుందా? ముగ్గు తెలియకపోతే ఏమీ కాదు, కొట్టేయండి. పలుపు కూడా అంతే. గుంజ ఖాళీ అని తెలిస్తే పలుపు సంగతి అక్కర్లేదు. తెల్లవారుజాము తెలియాలి, కానీ దానికి ఒక చప్పుడు చాలు. బ్యాగు మాత్రం కొట్టేయడానికి లేదు. ఆవు ఎందుకు పోయిందో చెప్పేది అదొక్కటే. అయితే మనకు కావలసింది బ్యాగు కాదు, చెల్లెలి ఫీజు సంగతి. ఆ సంగతి వేరే దారిలో వచ్చినా సరిపోతుంది.

ఇంత చేశాక మిగిలినవి మూడు: ఆవు లేదు, ఫీజు కోసం అమ్మేశారు, అమ్మ ఆ మాట చెప్పలేకపోతోంది. ఇక రాయాల్సింది ఈ మూడింటి గురించే.

2. చూసింది చూసినట్టు మాటల్లో పెట్టకండి

మొదటిసారి రాసేవాళ్ళలో చాలామంది రాసేది ఇది:

శేఖర్: అరె, కొట్టం ఖాళీగా ఉందే! గుంజకు ఆవు లేదు! పలుపు చూరులో దోపి ఉంది! అమ్మా, ఎందుకు తల తిప్పుకుంటున్నావు?

సమాచారమంతా వచ్చేసింది. కానీ సొంతింట్లో ఎవరూ ఇలా మాట్లాడరు. ఇది క్రికెట్ కామెంటరీ. దీన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఎదుటి మనిషికి కూడా అదే కనిపిస్తున్నప్పుడు ఆ మాట అంటారా అని అడగండి. అమ్మ కూడా అదే కొట్టం ముందు నిలబడి ఉంది. ఆమెకు శేఖర్ ఆ మాట చెప్పాల్సిన పని లేదు.

అదే మనిషి ఎదురుగా లేనివాళ్ళకు అయితే చెబుతాడు. ఫోనులో ఉన్నవాళ్ళకు, పక్క గదిలో ఉన్నవాళ్ళకు, చూపు ఆననివాళ్ళకు, వెనక్కి తిరిగి పనిచేసుకునేవాళ్ళకు. అందుకే వర్ణన తప్పనిసరి అనిపించిన చోట ముందు చూడాల్సింది మాట కాదు, ఎవరు ఎక్కడున్నారన్నది. ఒకరిని గది దాటిస్తే చాలు, ఆ మాటకు అవసరం పుడుతుంది.

మన కథకు ఫోను బాగా పనికొస్తుంది. శేఖర్ బెంగళూరులో ఉన్నప్పుడు ఒక చిన్న రంగం ముందు చేర్చుకుందాం. కథలో అది లేదు కదా అని మొహమాటపడకండి. కథలో మూడు పేరాల వెనకటి సంగతి ఉంటుంది, అందులోంచి తీసుకోవచ్చు.

3. లేని చప్పుడు ఎవరికీ వినపడదు

ఇది ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన చోటు. ఆవు ఉంటే మెడ గంట మోగుతుంది, ఆవు పోతే గంట మోగదు, కాబట్టి గంట ఆపేస్తే చాలు అనుకుంటాం. చాలదు. కంటికి ఖాళీ గుంజ కనిపిస్తుంది. చెవికి ఖాళీ అనేది లేదు. మోగని గంటను ఎవరూ గమనించరు. నాటకం వింటూ ఎవరూ "ఈ రంగంలో గంట లేదే" అనుకోరు.

అందుకని గంటకు మూడు మెట్లు కావాలి. మొదట అది మోగాలి. మోగినప్పుడే ఎవరో దాని పేరు చెప్పాలి. తర్వాత అది లేని చోట, దాని బదులు ఇంకొకటి రావాలి.

పేరు చెప్పడం ఎందుకంటే, గంట ఒక్కటే వినిపిస్తే అది ఆవుదో, పూజగదిదో, ఐస్ బండిదో తెలియదు. చాలా చప్పుళ్ళు ఇంతే. వాన, నూనెలో పోపు దాదాపు ఒకేలా ఉంటాయి. చప్పుడికి ముందో వెనకో ఒక మాట దాన్ని పట్టుకోవాలి. ఒక్కసారి పేరు పెడితే నాటకమంతా ఇక ఆ గంట మన ఆవు గౌరిదే.

ఇక దాని బదులు వచ్చేదేమిటి? పాడి ఉన్న ఇంట్లో ఆవు పోతే మొట్టమొదట మారేది ఏదో ఆలోచించండి. టీ. పొద్దున్నే టీలో పాకెట్ పాలు వస్తాయి. ఇది శేఖర్ నోటికి తెలుస్తుంది, ఇంకెవరికీ తెలియదు. కాబట్టి ఆ మాట అనడానికి అతనికి కారణం ఉంది. రుచి, వాసన, వేడి, నొప్పి ఆడియో నాటకానికి ఎంతో మేలు చేస్తాయి. అవి ఒక మనిషి లోపల జరిగేవి, బయటికి చెప్పడం సహజంగా ఉంటుంది. పక్కింటి నుంచి పేడ తెచ్చుకుని కళ్ళాపి చల్లడం కూడా మంచి ఆధారమే. అది కాస్త నవ్వు తెప్పిస్తుంది, ఈ రంగానికి నప్పదు. ఇంకో కథకు దాచుకోండి.

4. ఇప్పుడు రాయండి

మొదటి రంగం. బెంగళూరు. సాయంత్రం.

శబ్దం 1: రోడ్డు మోత. నాలుగు సెకన్ల తర్వాత తగ్గి, మాటల కింద సన్నగా.
శేఖర్ (మైకు దగ్గర): చెప్పుమా.
అమ్మ (ఫోనులోంచి): తిన్నావా శేఖరా?
శబ్దం 2: ఫోనులోంచి ఆవు మెడ గంట, రెండుమూడుసార్లు గబగబా.
శేఖర్: గౌరి మెడ విదిలిస్తా ఉండాది. ఇక్కడికి వినపడతా ఉంది.
అమ్మ: ఈగలు. పొద్దుగూకితే ఇంతే. రేయ్, లలిత ఫీజు శుక్రవారంలోపల కట్టల్లంట.
శేఖర్: జీతం పడేది ఒకటో తేదీ కదమ్మా. ఒక్క వారం ఆగమని చెప్పు.
అమ్మ: సరే, చెప్తాం లే.
శబ్దం 3: గంట. ఫోను పెట్టేసిన చప్పుడుతో పాటు గంట కూడా ఆగుతుంది.

రెండో రంగం. ఇల్లు. తెల్లవారుజాము.

శబ్దం 4: బస్సు కదిలి పోతుంది. కంకర మీద అడుగులు. వాకిలి ఊడ్చే చప్పుడు దగ్గరవుతుంది, ఆగుతుంది.
అమ్మ: శేఖరా! ఫోనన్నా చెయ్యకుండా వచ్చేసినావే! కాళ్ళు కడుక్కో.
శేఖర్: నాయిన ఏడీ?
అమ్మ: కయ్యకాడికి పోయినాడు. కూచో, టీ పెడతా.
శబ్దం 5: స్టవ్ వెలుగుతుంది. టీ గ్లాసులో పడుతుంది. గుటక.
శేఖర్: ఇవి పాకెట్ పాలు కదమ్మా.
శబ్దం 6: స్టవ్ మోత ఒక్కటే. మూడు సెకన్లు.
అమ్మ: చక్కెర చాలిందా?
శేఖర్: గౌరి వట్టిపోయిందా?
లలిత (దూరంగా, తలుపు దగ్గర): అన్నా... ఫీజు శుక్రవారమే కట్టేశాం.
శబ్దం 7: గ్లాసు నేల మీద పెడతాడు. అడుగులు లోపలి నుంచి బయటికి. మేకు నుంచి గంట తీస్తాడు. ఒక్క మోత. చేత్తో పట్టుకోగానే ఆగిపోతుంది.
అమ్మ (అతని వెనకే, దగ్గరగా): గంట మాత్రం ఇయ్యలేదురా.

ఎవరూ "ఆవును అమ్మేశాం" అనలేదు. అమ్మ తల తిప్పుకోవడం ఏమైందో చూశారా? "చక్కెర చాలిందా?" అయింది. కంటికి తల తిప్పుకోవడం ఎలాగో, చెవికి మాట మార్చడం అలాగ. సూటిగా అడిగిన దానికి వేరే ఏదో జవాబు వస్తే, దాస్తున్నారని వినేవాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది. కథలో "కళ్ళు దించుకున్నాడు", "చూపు మరల్చింది" అని ఉన్న చోట్లన్నిటికీ ఈ దారి సరిపోతుంది. "అతనికి అంతా అర్థమైంది" అన్న వాక్యాన్ని మేకు మీది గంట మింగేసింది. దానికి మాట రాయకండి.

మూడు సెకన్ల మౌనం గురించి ఒక్క మాట. మౌనం అంటే రికార్డింగులో పూర్తి నిశ్శబ్దం పెట్టకండి. వినేవాళ్ళు ఫోను ఆగిపోయిందేమోనని చూసుకుంటారు. మనుషులు ఊరుకోవాలి, స్టవ్ మోగుతూనే ఉండాలి. స్టవ్ ముందు నుంచీ ఉంది కాబట్టే ఆ మౌనం బరువుగా వినిపిస్తుంది. స్క్రిప్టులో "మౌనం" అని మాత్రమే రాస్తే ఎడిటింగ్ చేసేవాళ్ళు అక్కడ కోసేస్తారు. ఏం వినిపిస్తూ ఉండాలో, ఎన్ని సెకన్లో రాయండి.

5. గొంతులు కలిసిపోకుండా చూసుకోండి

కాగితం మీద ప్రతి మాటకూ ముందు పేరు ఉంటుంది. అందుకే రాసేటప్పుడు ఈ ఇబ్బంది మనకు తెలియదు. పేర్లున్న పక్క అరచేయి అడ్డం పెట్టి చదవండి. ఏ మాట ఎవరిదో తెలియకపోతే అక్కడ పని మిగిలి ఉన్నట్టు.

పిలుపులే చాలా పని చేస్తాయి. "శేఖరా", "కదమ్మా", "అన్నా" అన్న మూడు పిలుపులతో ముగ్గురి సంబంధం తెలిసిపోయింది. అయితే మన వైపు ఒక చిక్కుంది. తండ్రినీ నాయిన అంటాం, కొడుకునీ ముద్దుగా నాయినా అంటాం. అమ్మ "రా నాయినా" అని, ఆ వెంటనే శేఖర్ "నాయిన ఏడీ?" అంటే వినేవాళ్ళు ఒక క్షణం తడబడతారు. అందుకే అమ్మ చేత పేరు పెట్టే పిలిపించాను. పేర్లలోనూ అంతే. చిత్తూరు జిల్లాలో మునెమ్మ, మునిరత్నం, మునస్వామి ఒకే ఇంట్లో ఉండొచ్చు. నాటకంలో మాత్రం ఒక్క "ముని"నే ఉంచండి.

అమ్మ, లలిత ఇద్దరివీ ఆడగొంతులు. ఒకరు సన్నగా, ఒకరు బొంగురుగా మాట్లాడితే చాలనుకోకండి. మాట తీరులో తేడా పెట్టండి. అమ్మ "వచ్చేసినావే", "పోయినాడు" అంటుంది. తిరుపతిలో చదువుకునే లలిత "కట్టేశాం" అంటుంది. క్రియ చివర ఉన్న ఈ చిన్న తేడా చెవి వెంటనే పట్టుకుంటుంది. శేఖర్ ఊళ్ళో మాటే మాట్లాడతాడు, ఇంటికి ఫోను చేసినా అంతే. యాసను పలికినట్టే రాయండి. "కట్టాలట" అని రాసి "కట్టల్లంట" అని పలకమంటే నటి రెండింటి మధ్యలో ఏదో పలుకుతుంది. అలాగని ప్రతి మాటనూ యాసలో ముంచక్కర్లేదు. క్రియల్లో ఉంటే చాలు.

ఒక రంగంలో నలుగురికి మించి మాట్లాడేవాళ్ళు వద్దు. ఇంకో సంగతి, మాట్లాడకుండా కూర్చున్న మనిషి ఆడియోలో లేనట్టే. లలిత రంగం మొదటి నుంచీ ఇంట్లో ఉన్నా, ఆమె నోరు తెరిచేదాకా వినేవాళ్ళకు లేదు. ఇక్కడ ఆమె హఠాత్తుగా రావడమే మనకు కావాలి కాబట్టి సరిపోయింది. అలా కాకపోతే ముందే ఒక దగ్గు, ఒక గాజుల చప్పుడు, లేదా "లలితా, చెంబు తే" అన్న మాట పెట్టాలి.

6. దూరం, చోటు మైకుతోనే రావాలి

స్క్రిప్టులో "మైకు దగ్గర", "దూరంగా" అని రాయడం అలంకారం కాదు. జానెడు దూరంలో మాట్లాడితే మనిషి మన పక్కనే ఉన్నట్టు ఉంటుంది. లలిత మాటకు మూడు నాలుగు అడుగులు వెనక్కి వెళ్ళి, మొహం కాస్త పక్కకు తిప్పి మాట్లాడాలి. దగ్గర్నుంచి రికార్డు చేసి తర్వాత సౌండు తగ్గిస్తే దూరం రాదు, మెల్లగా మాట్లాడుతున్నట్టు వస్తుంది. దూరంగా ఉన్న గొంతులో గది గోడల నుంచి తిరిగొచ్చే మోత ఎక్కువ కలుస్తుంది. చెవి దూరాన్ని కొలిచేది ప్రధానంగా దాంతోనే.

అదే కారణం వల్ల ఆరుబయట జరిగే మాటలు ఖాళీ గదిలో రికార్డు చేస్తే తేలిపోతాయి. వాకిట్లో గోడల మోత ఉండదు. చుట్టూ దుప్పట్లు వేలాడదీసి, మైకుకు దగ్గరగా మాట్లాడండి. శేఖర్ లోపలి నుంచి కొట్టంలోకి వెళ్ళాడని వినేవాళ్ళకు తెలిసేది అడుగుల వల్ల సగం, గది మోత మాయమవడం వల్ల సగం.

తిరుపతి వేదికల మీద ఆడిన నటులతో చేస్తుంటే, మాట చివరి వరుసకు చేరాలన్న అలవాటు వాళ్ళకు ఉంటుంది. మైకుకు అది ఎక్కువ. "మహతి ఆడిటోరియంలో కాదు, ఒక్క మనిషి చెవిలో చెబుతున్నారు" అని గుర్తు చేస్తే దారికొస్తుంది.

ఫోను గొంతుకు ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అమ్మ మాటల మీద `High-Pass Filter` 300 హెర్ట్జ్ దగ్గర, `Low-Pass Filter` 3400 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. పాత టెలిఫోను లైను మోసుకెళ్ళేది ఆ మధ్య ముక్కనే. గంటను కూడా ఇదే ఫిల్టర్‌లో పంపాలి, లేకపోతే ఆవు బెంగళూరులో ఉన్నట్టు వినిపిస్తుంది. ఇక్కడే ఒక ఇబ్బంది వస్తుంది. చిన్న గంట మోతలో ఎక్కువ భాగం ఆ 3400కి పైన ఉంటుంది కాబట్టి ఫిల్టర్ పడగానే అది చచ్చిపోతుంది. కాస్త పెద్దది, మోత లావుగా ఉండే ఇత్తడి గంట తీసుకోండి. రెండో రంగంలో మోగేదీ అదే గంట కావాలి. మొదటి రంగంలో తాడుకు కట్టి విదిలించండి. రెండో రంగంలో చేత్తో ఎత్తి, ఒక్కసారి మోగనిచ్చి, గంట అంచును వేళ్ళతో మూయండి. మెడలో గంటకూ చేతిలో గంటకూ తేడా అక్కడ వస్తుంది.

ఊరు చెప్పడానికి సుప్రభాతం వేయాలనిపిస్తుంది. వద్దంటాను. తెలుగునాట ఎక్కడైనా పొద్దున్నే అది వినిపిస్తుంది, కాబట్టి పొద్దయిందని చెబుతుందే తప్ప తిరుపతి అని చెప్పదు. పైగా పేరున్న రికార్డింగుల్లో కొన్నిటికి హక్కులుండొచ్చు. దానికన్నా బస్సు ఆగినప్పుడు కండక్టర్ చేత "పూతలపట్టు, దిగేవాళ్ళు దిగండి" అని ఒక్క కేక వేయిస్తే ఊరు తెలిసిపోతుంది.

7. కథ తెలియని మనిషికి వినిపించండి

రికార్డింగుకు ముందే ఇది చేయాలి. కథ చదవని ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి, వాళ్ళు వీపు తిప్పి ఉండగా చదవండి. చప్పుళ్ళను నోటితోనో చేతిలో ఉన్న సామానుతోనో చేయండి. అయ్యాక "బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు, దాని వల్ల లాభం లేదు. ఇవి అడగండి: ఎక్కడ జరిగింది? ఎంతమంది ఉన్నారు? ఎవరు ఎవరికి ఏమవుతారు? ఆవు లేదని ఏ మాట దగ్గర తెలిసింది?

"పాకెట్ పాలు" దగ్గర అనుమానం వచ్చి, లలిత మాటతో గట్టిపడి ఉంటే స్క్రిప్టు సరిగ్గా ఉన్నట్టు. గంట దగ్గర మాత్రమే తెలిసిందంటే మొదటి రంగంలో గంటకు పేరు సరిగ్గా పడలేదు. శేఖర్ మాట గంట మోత మీద పడి కలిసిపోయి ఉంటుంది. గంట ఒకసారి పూర్తిగా మోగాక మాట మొదలుపెట్టించండి. "ఆవు చచ్చిపోయిందా?" అని ఎవరైనా అడిగితే తప్పు ఫీజు మాటది. ఫోనులో గడువు సంగతి వాళ్ళ చెవిన పడలేదన్నమాట. అప్పుడు రెండో రంగంలో కొత్త వివరణ చేర్చకండి. మొదటి రంగానికి వెళ్ళి, "శుక్రవారం" అన్న మాటను శేఖర్ చేత కూడా ఒకసారి తిరిగి అనిపించండి: "శుక్రవారమా? ఈ శుక్రవారమేనా?"